అయిదుగురు తిన్న బిల్లు, 1,808 రూపాయలు: ఫొటో నుంచి వాటాల దాకా ఒక లెక్క

కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక ఏసీ రెస్టారెంటు. ఒకే ఆఫీసు నుంచి అయిదుగురు మధ్యాహ్నం భోజనానికి వెళ్లారు: మేనేజరు, అకౌంటెంటు, శాకాహారి అయిన ఒక మేడమ్, కొత్తగా చేరిన కుర్రాడు, ఆఫీసు కారు డ్రైవరు. బిల్లు 1,808 రూపాయలు వచ్చింది. మేనేజరు ఫోన్‌తో కట్టేసి, టిప్పుగా 100 రూపాయల నోటు పళ్లెంలో పెట్టారు. బిల్లు ఫొటో వాట్సాప్ గ్రూపులో పడింది. మొత్తం 1,908 రూపాయలను అయిదుగురూ పంచుకోవాలి.

గ్రూపులో మూడు మాటలు వచ్చాయి. ఒకరు సమానంగా తలా 381 రూపాయల 60 పైసలు వేసుకుందామన్నారు. ఇంకొకరు ఎవరి ప్లేటు డబ్బు వాళ్లు పెట్టి, పైన పడిన సర్వీస్ చార్జీ, పన్ను మాత్రం సమానంగా పంచుదామన్నారు. మూడోవారు ఎవరు ఎంత తిన్నారో ఆ నిష్పత్తిలోనే అన్నీ పంచాలన్నారు. ఈ మూడింట్లో ఏది సరైందో తేల్చడానికి ఒకే ప్రశ్న చాలు. ఆ డబ్బు బిల్లులోకి ఏ లెక్క మీద వచ్చింది? ఏ లెక్క మీద పడిందో ఆ లెక్క మీదే పంచాలి. సర్వీస్ చార్జీ తిన్న ధర మీద శాతంగా పడింది, పన్నూ అంతే. కాబట్టి ఆ రెండూ ధరను బట్టే పోవాలి. టిప్పు సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాం.

ముందు ఫొటోను సరిగ్గా చదవాలి. తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

ఫొటోలో ఏముంది, ఏం చదివింది

ఇలాంటి బిల్లులు థర్మల్ కాగితం మీద వస్తాయి. ఆ కాగితానికి సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. ప్రింటరు తల అరిగితే నిలువునా ఒక గీత పొడవునా తెల్లగా పోతుంది. ఆ గీత సరిగ్గా సంఖ్యల వరుస మీద పడితే 8 కాస్తా 3 లాగా కనిపిస్తుంది. నూనె చేత్తో ముట్టుకున్న చోట, వేడి చాయ్ గ్లాసు పెట్టిన చోట కూడా అచ్చు చెడుతుంది, అప్పుడు 3ను 8గా చదవొచ్చు. అందుకే ఫొటో బల్ల మీదే, కాగితాన్ని చదునుగా పరిచి, నిట్టనిలువుగా పైనుంచి తీయాలి. ఫ్లాష్ వేస్తే మెరుపు మధ్యలో పడి రెండు మూడు వరుసలు మాయమవుతాయి. జేబులో మడిచి సాయంత్రం తీసే ఫొటోలో మడత మీదున్న వరుస పోతుంది.

ఈ ఫొటోను, బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే టెసరాక్ట్ అనే ఉచిత సాధనంతో ఇలా చదివించారు:

```
tesseract bill.png out -l eng --psm 6
```

ఇక్కడ `--psm 6` అంటే బొమ్మ మొత్తాన్ని ఒకే అక్షరాల దిమ్మెగా తీసుకోమని. బిల్లులో వస్తువు పేరు ఎడమ అంచున, ధర కుడి అంచున ఉంటాయి. మధ్య ఖాళీని చూసి సాధనం వాటిని రెండు వేర్వేరు కాలమ్‌లు అనుకుంటే పేర్లన్నీ ఒకచోట, ధరలన్నీ ఇంకోచోట పడతాయి. ఈ సెట్టింగు చాలావరకు దాన్ని ఆపుతుంది. బిల్లులో తెలుగు పేర్లు కూడా ఉంటే `-l tel+eng` అని పెట్టాలి. వచ్చిన పాఠం ఇది:

```
Ragi Sangati Natukodi  2  240.00   480.00
Mutton Biryani         1  840.00   340.00
Veg Fried Rice         1  170.00   170.00
Chicken Biryani        1  260.00   260.00
Chicken 65                230.00   230.00
Water Bottle           2   20.00    40.00
Lassi                  2   60.00   120.00
Sub Total                         1640.00
Service Charge 5%                   82.00
CGST 2.5%                           43.05
SGST 2.5%                            4305
Round Off                            0.10
Net Total                         1808.00
```

చూడగానే బాగానే ఉన్నట్టుంది. ఇందులో నాలుగు తప్పులున్నాయి. వాటిని పట్టుకోవడానికి అసలు కాగితం అక్కర్లేదు, బిల్లు తన లెక్కతో తానే పట్టిస్తుంది. ప్రతి వరుసలో సంఖ్యను ధరతో గుణిస్తే కుడివైపు మొత్తం రావాలి. మటన్ బిర్యానీ దగ్గర ఒకటిని 840తో గుణిస్తే 340 రాదు. అంటే ఆ రెండింట్లో ఒకటి తప్పు. కుడివైపు వరుసంతా కూడితే సబ్ టోటల్ 1,640 సరిగ్గా వస్తోంది కాబట్టి 340 నిజం, 840 తప్పు.

చికెన్ 65 వరుసలో సంఖ్య కాలమ్‌లోని 1 అచ్చు చెడి పోయింది. అలాంటప్పుడు ప్రోగ్రామ్ రాసినవాళ్లు జాగ్రత్త పడకపోతే పేరులోని 65ను ప్లేట్ల సంఖ్యగా తీసుకుంటుంది. 65 ప్లేట్లు, ఒక్కోటి 230, మొత్తం 14,950. నవ్వొస్తుంది కానీ పేరులోనే అంకె ఉన్న వంటకం మెనూలో ఉన్నంతకాలం ఈ తప్పు వస్తూనే ఉంటుంది. కుడివైపు మొత్తాన్ని ధరతో భాగించి సంఖ్యను తెచ్చుకుంటే ఇది పోతుంది: 230ని 230తో భాగిస్తే ఒకటి.

ఎస్‌జీఎస్‌టీ దగ్గర చుక్క ఎగిరిపోయి 43.05 కాస్తా 4305 అయింది. రాష్ట్రంలోపల ఇచ్చే బిల్లులో సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ రెండూ ఎప్పుడూ సమానంగానే ఉంటాయి కాబట్టి పక్క వరుస చూస్తే చాలు. నాలుగోది కంటికి కనిపించనంత చిన్నది: రౌండ్ ఆఫ్ ముందు ఉండాల్సిన మైనస్ గుర్తు. 1,640కి 82, రెండు 43.05లు కలిపితే 1,808.10. దానికి 0.10 కలిపితే 1,808.20 అవుతుంది, తీసేస్తేనే 1,808. సన్నని గీత కాబట్టి మైనస్ చాలా బిల్లుల్లో ఇలాగే పోతుంది.

వరుసల గుణకారం, సబ్ టోటల్, చివరి మొత్తం, ఈ మూడు లెక్కలూ కలిశాకే పంపకం మొదలుపెట్టాలి. ఒక్కటి కలవకపోయినా అక్కడే ఆగి, ఆ వరుసను కంటితో చూసి సరిచేయాలి. ప్రోగ్రామ్‌ను ఊహించి దిద్దుకోమని వదిలేయడం మంచిది కాదు. ఎందుకంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకునే సందర్భాలూ ఉంటాయి.

సర్వీస్ చార్జీ పన్నుకు ముందా, తర్వాతా

ఈ బిల్లులో సీజీఎస్‌టీ 43.05 అని ఉంది. 1,640లో రెండున్నర శాతం 41.00 అవుతుంది. 1,722లో రెండున్నర శాతమైతే 43.05. అంటే రెస్టారెంటు ముందు 82 రూపాయల సర్వీస్ చార్జీ కలిపి, ఆ మొత్తం మీద పన్ను వేసింది. సర్వీస్ చార్జీ తీసుకుంటే అది కూడా అమ్మిన విలువలో భాగమే కాబట్టి జీఎస్‌టీ దాని మీద కూడా పడుతుంది. అందుకే 5 శాతం చార్జీ, 5 శాతం పన్ను కలిస్తే 10 శాతం కాదు, పదింబావు శాతం: 1.05ను 1.05తో గుణిస్తే 1.1025. తిన్న ప్రతి వంద రూపాయలకూ 110 రూపాయల 25 పైసలు.

రెస్టారెంట్ల మీద మామూలుగా పడేది ఈ 5 శాతమే. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం ఉంటుంది. ఇక బిల్లు నెత్తిన జీఎస్‌టీ నంబరు ఉందో లేదో కూడా చూడాలి. అది 15 అక్షరాలుంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే 37తో మొదలవుతుంది. చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మొత్తం మీద తామే తక్కువ పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్న హోటలు గిరాకీ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. దాని బిల్లు మీద ఆ సంగతి రాసి ఉండాలి. అలా రాసి ఉన్న బిల్లులోనే సీజీఎస్‌టీ వరుస కూడా ఉంటే ఆ డబ్బును ఎలా పంచాలన్నది ప్రశ్న కాదు, ఎందుకు కట్టాలన్నది ప్రశ్న.

ఎవరిది ఎంత

ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా అందులో లేని విషయం ఒకటుంది: ఏ ప్లేటు ఎవరి ముందుకు వెళ్లిందో. రాగి సంగటి నాటుకోడి 2 అని ఉంటుంది, ఎవరెవరు తిన్నారో ఉండదు. దాన్ని మనుషులే చెప్పాలి. బల్ల దగ్గర ఉన్నప్పుడే బిల్లు వెనక నాలుగు ముక్కలు రాసుకుంటే రెండు నిమిషాల పని, మర్నాడు గ్రూపులో అడిగితే అరగంట.

ఇక్కడ సంగటి ప్లేట్లు ఒకటి మేనేజరుది, ఒకటి డ్రైవరుది. మటన్ బిర్యానీ కుర్రాడిది, చికెన్ బిర్యానీ అకౌంటెంటుది, ఫ్రైడ్ రైస్ మేడమ్‌ది. రెండు లస్సీల్లో ఒకటి మేడమ్, ఒకటి కుర్రాడు తాగారు. నీళ్ల బాటిళ్ల 40 రూపాయలు అయిదుగురివి, తలా 8. చికెన్ 65 ప్లేటు మేనేజరు, అకౌంటెంటు, కుర్రాడు ముగ్గురూ కలిసి చెప్పుకున్నది. డ్రైవరు ఒక ముక్క రుచి చూశాడు. ఒక ముక్క తిన్నవాడిని వాటాలోకి లాగకూడదు. కలిసి తెప్పించుకున్న ప్లేటు తెప్పించుకున్న వాళ్లదే, పక్కవాడికి పెట్టింది మర్యాద. ముక్కలు లెక్కపెట్టే పనికి దిగితే ఆ బల్ల మీద మళ్లీ ఎవరూ కలిసి కూర్చోరు.

230ని మూడుతో భాగిస్తే 76.666 అని సాగుతూ పోతుంది. దీన్ని ఇక్కడే 76.67 అని సరిచేస్తే మూడింటినీ కలిపితే 230.01 వస్తుంది. చివర్లో ఆ పైసా ఎక్కడిదో తెలియక తల పట్టుకోవాలి. సరిచేయడం ఎప్పుడూ అన్నిటికంటే చివర, ఒక్కసారే చేయాలి. అందుకని వాటాలన్నిటినీ మూడుతో గుణించి పూర్ణ సంఖ్యలుగానే ఉంచుకోవడం మేలు. మనకు కావలసింది నిష్పత్తి మాత్రమే కాబట్టి మూడు రెట్లయినా ఫలితం మారదు.

తిన్న ధర ఇలా తేలింది. మేనేజరు 324.67, డ్రైవరు 248, మేడమ్ 238, అకౌంటెంటు 344.67, కుర్రాడు 484.67. మూడు రెట్లు చేస్తే 974, 744, 714, 1034, 1454. వీటి మొత్తం 4,920. అది 1,640కి సరిగ్గా మూడు రెట్లు, కాబట్టి ఏ వస్తువూ జారిపోలేదని కూడా తెలిసింది.

గుణించడం, ఆపైన ఒక రూపాయి గొడవ

ఇక్కడ అందరి వస్తువుల మీదా ఒకే చార్జీ, ఒకే పన్ను పడ్డాయి. కాబట్టి చార్జీని విడిగా, పన్నును విడిగా పంచాల్సిన పనే లేదు. కట్టిన 1,808ని 1,640తో భాగించి ఒక్కొక్కరి ధరను దానితో గుణిస్తే సరిపోతుంది. ఎక్సెల్ లాంటి షీట్‌లో అయితే ధరలు B2 నుంచి B6 దాకా వేసి, పక్కన ఇది రాస్తే చాలు:

```
=B2*1808/SUM($B$2:$B$6)
```

1.1025తో కాకుండా 1808/1640తో గుణించడానికి కారణముంది. రౌండ్ ఆఫ్ కింద తగ్గిన పది పైసలు కూడా అందరికీ వాళ్ల వాళ్ల వాటాల నిష్పత్తిలోనే తగ్గాలి. వచ్చిన సంఖ్యలు ఇవి: మేనేజరు 357.925, డ్రైవరు 273.405, మేడమ్ 262.380, అకౌంటెంటు 379.974, కుర్రాడు 534.315.

వీటిని మామూలుగా దగ్గరి రూపాయికి తెస్తే 358, 273, 262, 380, 534. కూడి చూడండి: 1,807. ఒక రూపాయి ఎక్కడికో పోయింది. గ్రూపులో అందరూ పంపేశాక కట్టినవాళ్ల జేబులోంచి ఆ రూపాయి పోతుంది. ఇంకో బిల్లులో ఒక రూపాయి ఎక్కువ కూడా రావచ్చు. ఒక్క రూపాయే అయినా, లెక్క కలవలేదంటే చూసేవాళ్లు మిగతా లెక్కను కూడా నమ్మరు.

దీనికి వాడే పద్ధతి చిన్నది. అందరి వాటాల్లో ముందు పైసలు కోసేసి కింది రూపాయికి తేవాలి: 357, 273, 262, 379, 534. మొత్తం 1,805, ఇంకా మూడు రూపాయలు మిగిలాయి. ఎవరి దగ్గర ఎక్కువ పైసలు కోశామో వాళ్లకు వరసగా ఒక్కో రూపాయి ఇవ్వాలి. అకౌంటెంటు దగ్గర 97 పైసలు, మేనేజరు దగ్గర 92, డ్రైవరు దగ్గర 40 కోశాం. ఆ ముగ్గురికీ రూపాయి చొప్పున కలిపితే 358, 274, 262, 380, 534. మొత్తం సరిగ్గా 1,808. ఇదే పద్ధతిని పైథాన్ ఫంక్షన్‌గా రాస్తే ఇలా ఉంటుంది:

```python
def panchu(total, shares):
    s = sum(shares)
    raw = [total * x for x in shares]
    out = [r // s for r in raw]
    order = sorted(range(len(raw)),
                   key=lambda i: raw[i] % s, reverse=True)
    for i in order[:total - sum(out)]:
        out[i] += 1
    return out

print(panchu(1808, [974, 744, 714, 1034, 1454]))
# [358, 274, 262, 380, 534]
```

ఇందులో దశాంశాలే లేవు, అంతా పూర్ణ సంఖ్యల భాగహారం. కంప్యూటర్లో 0.1 లాంటి దశాంశం పైకి కనిపించినంత కచ్చితంగా నిలవదు కాబట్టి డబ్బు లెక్కల్లో ఇదే దారి. పైసల దాకా కావాలంటే 1808 బదులు 180800 ఇస్తే సరి. ఫోన్‌లో పంపేటప్పుడు పైసలు కూడా పంపొచ్చు: 357.93, 273.40, 262.38, 379.97, 534.32. అయినా ఒకే ఆఫీసులో రోజూ చూసుకునే మనుషుల మధ్య రూపాయిల్లోనే ఉంచడం బాగుంటుంది. డ్రైవరు మీద పడ్డ 60 పైసలు అన్యాయం అనిపిస్తే ఆ రూపాయిని కట్టినవాళ్లే వేసుకోవచ్చు. అది మనుషులు తీసుకునే నిర్ణయం, పద్ధతిలోకి ఎక్కించనక్కర్లేదు.

గ్రూపులో వచ్చిన రెండో మాట సంగతి ఇప్పుడు చూడొచ్చు. పైన పడిన 168 రూపాయలను సమానంగా తలా 33.60 వేస్తే మేడమ్‌కు 271.60 అవుతుంది, అసలు వాటా కన్నా 9 రూపాయల పైన ఎక్కువ. కుర్రాడికి 518.27, అంటే 16 రూపాయలు తక్కువ. ఖరీదైన బిర్యానీ మీద పడిన పన్నులో కొంత ఫ్రైడ్ రైస్ తిన్నావిడ కట్టినట్టయింది. చూడ్డానికి న్యాయంగా కనిపించే పద్ధతి కాబట్టి దీన్ని ఎవరూ ప్రశ్నించరు, అదే ఇందులో చిక్కు.

టిప్పు

సర్వీస్ చార్జీ కట్టాక మళ్లీ టిప్పు పెట్టనవసరం లేదు. ఆ మాట ముందే బల్ల దగ్గర అనుకోవాలి. పెట్టాక మాత్రం దాన్ని పంచుకోవాలి. అది బిల్లు కాగితం మీద ఉండదు, ఫొటో ఎంత చదివినా కనిపించదు. కొన్నిసార్లు కట్టే మనిషి ఫోన్‌లోనే 1,808 బదులు 1,900 కొడతారు. అప్పుడు బ్యాంకు మెసేజీలోని మొత్తాన్ని బిల్లులోని మొత్తంతో పోల్చితేనే 92 రూపాయల టిప్పు బయటపడుతుంది.

ఈ వంద రూపాయలను ఎలా పంచాలి? ఎలా నిర్ణయించారో అలాగే. బిల్లులో ఇంత శాతం అని లెక్కగట్టి పెట్టి ఉంటే తిన్న ధర నిష్పత్తిలో పోవాలి. అదే ఫంక్షన్‌కు 100 ఇస్తే 20, 15, 14, 21, 30 వస్తాయి. ఇక్కడ మాత్రం మేనేజరు శాతాలేవీ చూడలేదు, చేతికొచ్చిన నోటు పెట్టారు. వడ్డించినాయన అయిదు కుర్చీల చుట్టూ తిరిగాడు, అయిదుగురికీ నీళ్లు పోశాడు. బిర్యానీ తెచ్చినప్పుడు ఎక్కువ నడవలేదు, ఫ్రైడ్ రైస్ తెచ్చినప్పుడు తక్కువ నడవలేదు. కాబట్టి తలా 20. అయితే మిగతావాళ్లను అడగకుండా ఒకరే ఉత్సాహపడి 500 పెట్టి వచ్చి పంచమంటే, ఒప్పుకున్నంత వరకే పంచి మిగతాది పెట్టినవాళ్లకే వదిలేయడం మర్యాద.

అన్నీ కలిపి చివరి వాటాలు: మేనేజరు 378, డ్రైవరు 294, మేడమ్ 282, అకౌంటెంటు 400, కుర్రాడు 554. మొత్తం 1,908. సమానంగా 381.60 వేసి ఉంటే మేడమ్ దాదాపు వంద రూపాయలు, డ్రైవరు 87 రూపాయల 60 పైసలు ఊరికే కట్టేవాళ్లు. కుర్రాడికి 172 రూపాయల పైన మిగిలేది.

సంఖ్య ఒక్కటే పంపితే ప్రశ్న రాక తప్పదు. డ్రైవరు అకౌంటెంటుకు ఫోన్ చేశాడు.

“సార్, నేను తినింది ఒక సంగటి ప్లేటే గదా. మెనూలో రెండు నూర్ల నలభై అనుండె. రెండు నూర్ల తొంభై నాలుగు ఎట్లయితాది?”

“సంగటి రెండు నూర్ల నలభై, నీళ్లకు ఎనిమిది. దానిమీద సర్వీస్ చార్జీ పన్నెండు రూపాయల నలభై పైసలు. ఆ మొత్తం మీద పన్ను పదమూడు. రెండు నూర్ల డెబ్బైమూడు దాటి పైసలొచ్చినాయి, డెబ్బైనాలుగు వేసినాం. టిప్పు ఇరవై అన్నా.”

గ్రూపులో పంపే మెసేజీలో ప్రతి మనిషికీ ఈ అయిదు ముక్కలూ విడివిడిగా ఉండాలి. ఒకే గుణకంతో లెక్క కట్టినా చూపేటప్పుడు మాత్రం విడదీసి చూపాలి.

ఒకే గుణకం పనిచేయని చోట

పైన చెప్పిన సులువంతా అన్ని వస్తువుల మీదా ఒకే పన్ను ఉంటేనే. బిల్లులో మద్యం ఉంటే అది కుదరదు. తాగే మద్యం జీఎస్‌టీ కిందికి రాదు, దాని మీద రాష్ట్రం వేసే పన్ను వేరు. అప్పుడు బిల్లును రెండు కుండలుగా విడదీయాలి: తిండి ఒక కుండ, మద్యం ఒక కుండ. ఒక్కో కుండకు దాని పన్ను, దాని మొత్తం, దాని గుణకం. తాగనివాళ్ల వాటా రెండో కుండలో సున్నా. అంతా కలిపి ఒకే గుణకం వేస్తే లస్సీ తాగినావిడ బీరు మీది పన్నులో భాగం కడుతుంది. నీళ్ల బాటిల్‌ను కొన్నిచోట్ల పన్ను వరుసల కింద, విడిగా వేస్తారు. అదీ వేరే కుండే.

తగ్గింపు కూడా ఇలాంటిదే. మొత్తం బిల్లు మీద పది శాతం తగ్గిస్తే నిష్పత్తి మారదు, పాత వాటాలతోనే పని అయిపోతుంది. ‘మటన్ బిర్యానీ మీద 50 తగ్గింపు’ అయితే ఆ యాభై కుర్రాడి ధరలోంచే తీయాలి, అదీ చార్జీ, పన్ను వేయకముందే. కట్టాక ఫోన్‌లో వచ్చే క్యాష్‌బ్యాక్ మాత్రం బిల్లులోది కాదు, కట్టినవాళ్లది.

చార్జీ తీసేస్తే

సర్వీస్ చార్జీని అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ మార్గదర్శకాలను సమర్థించింది. కట్టకముందే తీసేయమని అడగొచ్చు, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

ఈ కేసులో మర్నాడు అకౌంటెంటు వెళ్లి అడిగితే రెస్టారెంటు బిల్లు మార్చి ఇచ్చింది. కొత్త బిల్లులో 1,640, రెండు పన్నులూ 41.00 చొప్పున, మొత్తం 1,722. తగ్గింది 82 కాదు, 86: చార్జీతో పాటు దాని మీద పడిన పన్ను 4 రూపాయల 10 పైసలు కూడా పోవాలి, పది పైసలు పాత రౌండ్ ఆఫ్‌లోనే తగ్గాయి. 82 మాత్రమే వెనక్కి ఇస్తే ఇంకా నాలుగు రూపాయలు రావాలని గుర్తు.

ఆ 86ను తలా 17 చొప్పున వెనక్కి పంచడం మళ్లీ మొదటి తప్పే. 1,722తో ఫంక్షన్‌ను మళ్లీ నడపాలి. టిప్పు కాకుండా కొత్త వాటాలు 341, 260, 250, 362, 509. పాతవాటి లోంచి తీసేస్తే మేనేజరుకు 17, డ్రైవరుకు 14, మేడమ్‌కు 12, అకౌంటెంటుకు 18, కుర్రాడికి 25. కూడితే 86. మేనేజరు తన 17 ఉంచుకుని మిగతా 69 రూపాయలు నలుగురికీ పంపారు.